చట్టంలో ‘మే’ అనే మాటను ఎలా చదవాలి, ఎక్కడికి వెళ్లి చూడాలి: న్యాయ పరిశోధనలో పద్ధతి ఎంపిక గురించి

ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్లకు గైడుగా ఉంటున్నన్నాళ్ల నుంచీ ప్రతి ఏడాదీ నా బల్ల మీదికి వచ్చే సినాప్సిసుల్లో ఒక వాక్యం దాదాపు మారకుండా కనిపిస్తూనే ఉంది: “ఈ పరిశోధనలో డాక్ట్రినల్, నాన్-డాక్ట్రినల్ పద్ధతులు రెండింటినీ అనుసరించడమైనది.” డాక్ట్రినల్ అంటే సెక్షన్లు, తీర్పులు చదివి చట్టం ఏమిటో తేల్చడం; నాన్-డాక్ట్రినల్, అంటే ఎంపిరికల్, ఆచరణలో ఏం జరుగుతోందో వెళ్లి చూసి లెక్కించడం. దాని కింద, చట్టాలు, తీర్పులు ప్రాథమిక ఆధారాలనీ, పుస్తకాలు, వ్యాసాలు ద్వితీయ ఆధారాలనీ మరో రెండు వాక్యాలు ఉంటాయి. చివర అనుబంధంగా యాభై మందికి పంచిన ఒక ప్రశ్నావళి ఉంటుంది. ఆ వాక్యం పద్ధతిని చెప్పడం లేదని నేను బలంగా నమ్ముతున్నాను. విద్యార్థి ఏం తెలుసుకోవాలనుకున్నాడో, దానిని తెలుసుకోవడానికి ఏం చేశాడో, చేసినది తప్పయితే ఆ తప్పు ఎక్కడ బయటపడుతుందో ఆ వాక్యంలో ఏదీ లేదు. పద్ధతిని మనం ఇష్టాన్ని బట్టి ఎంచుకోము. అడిగిన ప్రశ్నే దానిని నిర్ణయిస్తుంది. కాబట్టి ఒకే డిసర్టేషన్‌లో రెండు రకాల ప్రశ్నలు ఉంటే, ఏ ప్రశ్నకు ఏ పద్ధతో విడివిడిగా చెప్పాలి, దేని జవాబు దేనికి ఆధారమవుతుందో కూడా చెప్పాలి. ఈ మాటను ఊరికే చెబితే పాఠంలా ఉంటుంది కనుక, ఇటీవల ఒక విద్యార్థినితో కలిసి దాదాపు ఏడాది పాటు నడిచిన ఒక అంశాన్ని తీసుకుని చెబుతాను.

ఆమె ఎంచుకున్న శీర్షిక “చెక్కు బౌన్సు కేసుల్లో మధ్యంతర పరిహారం: ఒక విమర్శనాత్మక అధ్యయనం”. ఆ ఆసక్తి వెనుక ఇంటి సంగతి ఒకటి ఉంది. ఆమె మేనమామకు ఎరువుల దుకాణం ఉంది. అప్పు కింద ఒకరు ఇచ్చిన ఐదు లక్షల రూపాయల చెక్కు ఖాతాలో సొమ్ము లేదని తిరిగివచ్చింది. ఆయన నోటీసు ఇచ్చి కేసు వేశాడు; అది వాయిదాల మీద నడుస్తోంది. కొత్త చట్టం ప్రకారం కేసు తేలకముందే ఇరవై శాతం ఇప్పిస్తారని ఎవరో చెబితే, “ఆ లక్ష నాకు ఎప్పుడొస్తుందమ్మా?” అని ఆయన మేనకోడలిని అడిగాడు. ఆమె ఆ ప్రశ్న పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

చట్టం ఏమిటో ముందు క్లుప్తంగా చెబుతాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, చెక్కు తిరిగివచ్చినట్టు బ్యాంకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవారికి నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లోగా వారు డబ్బు చెల్లించకపోతే నేరం పూర్తవుతుంది. ఆ తర్వాత నెల లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఫిర్యాదు దాఖలైన ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని 143వ సెక్షన్ చెబుతుంది. ఆచరణలో అలా జరగనందువల్లనే 2018లో చట్టాన్ని సవరించి, 143ఎ, 148 అనే రెండు సెక్షన్లు చేర్చారు. అవి ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నిందితుడు తాను నేరం చేయలేదని చెప్పిన దశలో, చెక్కు మొత్తంలో 20 శాతానికి మించకుండా మధ్యంతర పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చునని 143ఎ చెబుతుంది. ఆదేశించిన 60 రోజుల్లో చెల్లించాలి. తగిన కారణం చూపితే మరో 30 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. నిందితుడు నిర్దోషిగా తేలితే ఫిర్యాదుదారు ఆ డబ్బును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. 148వ సెక్షన్ దీనికి తరువాతి దశది: శిక్ష పడినవారు అప్పీలు చేసుకుంటే, విధించిన జరిమానాలో లేదా పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు.

మేనమామ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయని ఆమెకు చూపించడానికి నాకు రెండు వారాలు పట్టింది. నిందితుడు నేరం ఒప్పుకోనంత మాత్రాన మేజిస్ట్రేటు ఈ పరిహారం ఇప్పించి తీరాలా, లేక ఇప్పించాలో వద్దో తేల్చే విచక్షణ ఆయనకు ఉందా అన్నది ఒక ప్రశ్న. కేసు వేసినవారికి ఈ పరిహారం నిజంగా చేతికి అందుతోందా, అందితే ఎన్నాళ్లకు అన్నది రెండోది. మొదటి దానికి జవాబు సెక్షను మాటల్లో, తీర్పుల్లో ఉంది. రెండో దానికి జవాబు ఏ తీర్పులోనూ లేదు. అది మేజిస్ట్రేటు కోర్టుల రికార్డు గదుల్లో ఉంది. సినాప్సిస్ తొలి చిత్తులో ఆమె ఈ రెండింటినీ కలిపేసి, అరవై మంది న్యాయవాదులకు ఇవ్వడానికి ప్రశ్నావళి తయారు చేసింది. అందులో నాలుగో ప్రశ్న ఇది: “143ఎ కింద పరిహారం ఇవ్వడం తప్పనిసరి అని మీరు భావిస్తున్నారా?”

ఆ నాలుగో ప్రశ్న దగ్గర నేను ఆగాను. అరవై మందిలో నలభై మంది తప్పనిసరి అన్నారనుకుందాం. అప్పుడు చట్టం తప్పనిసరి అయిపోతుందా? కాదు. తప్పనిసరో కాదో తేలేది సెక్షను పాఠం నుంచి, దాని నిర్మాణం నుంచి, దాని మీద కట్టుబడదగిన తీర్పుల నుంచి మాత్రమే. న్యాయవాదుల అభిప్రాయాలను లెక్కిస్తే మనకు తెలిసేది న్యాయవాదుల అభిప్రాయాలే. అవి తెలుసుకోవడం కొన్నిసార్లు ఉపయోగమే. న్యాయవాదులు దీనిని తప్పనిసరి అనుకుంటున్నారా, అందువల్ల ప్రతి కేసులోనూ పిటిషన్ వేస్తున్నారా అన్నది మంచి ఎంపిరికల్ ప్రశ్న. కానీ చట్టం ఏమిటన్న ప్రశ్నకు ఓట్ల లెక్క జవాబు కాదు. నేను చూసిన ప్రశ్నావళుల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే. తీర్పులు చదివి తేల్చవలసిన దానిని జనాన్ని అడుగుతాయి, జనంలోకి వెళ్లి చూడవలసిన దానిని మాత్రం చట్టం పీఠిక చదివి తేల్చేస్తాయి.

మొదటి ప్రశ్న దగ్గర డాక్ట్రినల్ పని ఎలా సాగిందో కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే లైబ్రరీలో కూర్చుని చదవడానికి పద్ధతి ఏముంటుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. ఇంగ్లిష్‌లో రాసిన ఆ సెక్షనులో ఉన్న మాట ‘మే’. ‘మే’ అంటే విచక్షణ, ‘షల్’ అంటే విధి అనేది మొదటి పాఠం. అయితే సందర్భాన్ని బట్టి ‘మే’ను ‘షల్’గా చదవవచ్చునని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి కనుక నిఘంటువు దగ్గర ఆగడం కుదరదు. 143ఎ విషయంలో హైకోర్టులు వేర్వేరు దారులు పట్టాయి: ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తప్పనిసరి అంది, ఢిల్లీ, బొంబాయి హైకోర్టులు విచక్షణ అన్నాయి. పక్కనే ఉన్న 148వ సెక్షనులోనూ ఉన్నది ‘మే’యే. 2019లో సురిందర్ సింగ్ దేశ్వాల్ కేసులో సుప్రీంకోర్టు దానిని సాధారణంగా ‘షల్’గానే చదవాలని, జమ చేయమని ఆదేశించకపోవడం మినహాయింపుగా ఉండాలని, దానికి ప్రత్యేక కారణాలు చెప్పాలని అంది. మా విద్యార్థిని అక్కడ ఒక సూటి దారి చూసింది: ఒకే సవరణ, ఒకే ఉద్దేశం, ఒకే మాట, కాబట్టి 143ఎలో కూడా ‘షల్’ అనే చదవాలి. చూడటానికి బలమైన వాదనే. 2024 మార్చిలో రాకేశ్ రంజన్ శ్రీవాస్తవ వర్సెస్ జార్ఖండ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు దానిని ఒప్పుకోలేదు.

ఆ తీర్పు ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాసేసి ముందుకు పోదామన్నది ఆమె తొలి చిత్తు. నేను అడిగింది, కోర్టు ఏ మెట్లు ఎక్కి అక్కడికి చేరిందో రాయమని. 148వ సెక్షను శిక్ష పడిన తర్వాత వర్తిస్తుంది. అప్పటికి ఒక కోర్టు సాక్ష్యం చూసి నేరం రుజువైందని తేల్చి ఉంటుంది. 143ఎ వర్తించే నాటికి నిందితుడు “నేను నేరం చేయలేదు” అని మాత్రమే చెప్పి ఉంటాడు; ఒక్క సాక్షినీ విచారించి ఉండరు. అక్కడ ‘మే’ను ‘షల్’గా చదివితే, నేరం ఒప్పుకోని ప్రతి నిందితుడూ ఆ కారణం చేతనే డబ్బు కట్టవలసి వస్తుంది. కట్టకపోతే ఆ మొత్తాన్ని జరిమానాలా వసూలు చేస్తారు, ఆస్తి జప్తు వరకు పోవచ్చు. ఇంత తీవ్రమైన పర్యవసానం నేరం తేలకముందే ఉన్నందువల్ల ఇక్కడ ‘మే’ అంటే విచక్షణే అని కోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు ఏం చూడాలో కూడా చెప్పింది: ఫిర్యాదులో ప్రాథమికంగా బలముందా, నిందితుడి వాదన నమ్మదగినట్టుందా, అతని ఆర్థిక ఇబ్బంది ఏమిటి, ఇద్దరి మధ్య లావాదేవీ ఎలాంటిది, ఎంత శాతం ఇప్పించాలి. ఇవన్నీ ఆలోచించి, క్లుప్తంగానైనా కారణాలు రాయాలి. అంటే రెండు సెక్షన్లలో మాట ఒకటే అయినా దశ వేరు. అర్థాన్ని నిర్ణయించింది ఆ దశే. దీనిని పట్టుకోవడమే డాక్ట్రినల్ పని. తీర్పులను తేదీల వరుసలో పేర్చడం దానికి ముందు చేసే సర్దుబాటు మాత్రమే.

ఆ పనిని ఎలా వివరించాలో కూడా చెప్పాలి. తీర్పులు వెతికిన చోటు, వెతికిన మాటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని వచ్చాయి, వాటిలో ఏవి పక్కన పెట్టారు, ఎందుకు అన్నది రాయాలి. ఉదాహరణకు 143ఎను పేరుకు ప్రస్తావించి వేరే అంశం మీద తేలిన తీర్పులను ఆమె పక్కన పెట్టింది. ‘మే’ అర్థం మీద నేరుగా తేల్చినవాటినే ఉంచింది. తనకు ప్రతికూలంగా ఉన్న ఛత్తీస్‌గఢ్ తీర్పును కింద ఫుట్‌నోటులోకి నెట్టకుండా, దాని వాదనను దాని బలంతోనే చెప్పి, సుప్రీంకోర్టు తర్కం ముందు అది ఎక్కడ నిలవలేదో రాసింది. ఈ వివరాలు ఉంటే, మరొకరు అదే దారిలో వెళ్లి ఆమె వదిలేసిన తీర్పు ఒకటి చూపించి “ఇది ఎందుకు చూడలేదు?” అని అడగగలరు. డాక్ట్రినల్ పరిశోధన తప్పని తేలే దారి అదే: వదిలిపోయిన ప్రామాణిక తీర్పు, తీర్పుకు ఆధారమైన కారణం, అంటే రేషియో, కాని మాటను రేషియోగా చదవడం, తరువాత కొట్టివేసిన తీర్పును ఇంకా నిలిచి ఉన్నట్టు వాడటం. ఆ దారిని మూసి రాసిన పద్ధతి అధ్యాయం నాకు అనుమానాస్పదంగానే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నాలుగైదు నెలల చదువు తర్వాత విద్యార్థులు దాదాపు అందరూ ఇందులో పడతారు. హైకోర్టు తీర్పులు పదుల సంఖ్యలో చదివి, ఆమె ఇలా రాసింది: “మేజిస్ట్రేటు కోర్టులు యాంత్రికంగా పూర్తి 20 శాతం పరిహారం మంజూరు చేస్తున్నాయి.” చదివిన తీర్పుల్లో అలాగే ఉంది, నిజమే. కానీ హైకోర్టు దాకా వచ్చే ఉత్తర్వులు ఏవి? డబ్బు కట్టమన్నందుకు నొచ్చుకున్న నిందితుడు సవాలు చేసినవి. అందులోనూ కారణాలు రాయకుండా పూర్తి ఇరవై శాతం వేసినవే సవాలుకు తగినవి. ఐదు శాతం ఇప్పించిన ఉత్తర్వు, పిటిషన్ కొట్టివేసినా ఫిర్యాదుదారు పైకి వెళ్లకుండా ఊరుకున్న ఉత్తర్వు, అసలు ఎవరూ పిటిషనే వేయని కేసు, ఇవేవీ తీర్పుల డేటాబేసులో కనిపించవు. తీర్పులు చదివి చట్టం ఏమిటో చెప్పవచ్చు. కోర్టులు మొత్తం మీద ఏం చేస్తున్నాయో చెప్పలేము. నేరుగా చెబితే, “మంజూరు చేస్తున్నాయి” అనే క్రియ రాసిన క్షణంలో ఆమె ఎంపిరికల్ వాక్యం రాసింది, డాక్ట్రినల్ ఆధారంతో. నేను ఆ క్రియ కింద గీత గీసి తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి ఆమె తన చిత్తుల్లో ‘చేస్తున్నాయి’, ‘అందుతోంది’, ‘తగ్గింది’, ‘ఆలస్యమవుతోంది’ అనే క్రియలు వచ్చిన చోటల్లా తానే ఆగి, దీనికి నా దగ్గర లెక్క ఉందా అని తనను తాను ప్రశ్నించుకోవడం మొదలుపెట్టింది. ఏ విద్యార్థికైనా నేను చెప్పే పరీక్ష ఇదే.

సవరణ బిల్లుకు జతచేసిన ఉద్దేశాల ప్రకటన విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. చెక్కు ఇచ్చి ఎగ్గొట్టేవారు అప్పీళ్లతో, స్టేలతో కాలయాపన చేస్తున్నారని, దానివల్ల డబ్బు రావలసినవారికి అన్యాయం జరుగుతోందని అందులో ఉంది. చట్టసభ దేనిని ఉద్దేశించిందో చెప్పడానికి అది ఆధారమే. ఆ ఉద్దేశం నెరవేరిందనడానికి మాత్రం ఆధారం కాదు. “143ఎ ద్వారా ఫిర్యాదుదారులకు సత్వర ఉపశమనం లభిస్తోంది” అన్న వాక్యానికి ఆ ప్రకటనను ఫుట్‌నోటుగా పెట్టిన డిసర్టేషన్లు నేను ఒకటి కంటే ఎక్కువ చూశాను.

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. కోర్టు రికార్డు చూడాలని తేలింది. ఎన్ని, ఏవి? అన్న చోట ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి బయటపడింది: ఏ కేసులు లెక్కలోకి వస్తాయో చెప్పేది మళ్లీ డాక్ట్రినల్ జవాబే. సెక్షను 2018 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది కదా అని, ఆ తేదీ తర్వాత దాఖలైన ఫిర్యాదులన్నీ తీసుకుందామని ఆమె మొదట అనుకుంది. అయితే 2019లో జి.జె. రాజా వర్సెస్ తేజ్‌రాజ్ సురానా కేసులో సుప్రీంకోర్టు, 143ఎ అమల్లోకి వచ్చిన తర్వాత జరిగిన నేరాలకే ఆ సెక్షను వర్తిస్తుందని చెప్పింది. నేరం ఎప్పుడు జరిగినట్టు? చెక్కు తిరిగివచ్చిన నాడు కాదు, ఫిర్యాదు వేసిన నాడు కాదు. నోటీసు అందిన తర్వాత 15 రోజులు చెల్లింపు లేకుండా గడిచినప్పుడు. ఒకరికి 2018 ఆగస్టు 10న నోటీసు అందిందనుకుందాం. ఆగస్టు 25తో గడువు ముగిసింది, నేరం ఆ నెలలోనే పూర్తయింది. ఫిర్యాదు సెప్టెంబరు 20న దాఖలైతే అది గడువులోనే ఉంది. దాఖలు తేదీ చూస్తే ఈ కేసు ఆమె లెక్కలోకి వస్తుంది, కానీ చట్టప్రకారం ఇందులో 143ఎ కింద పరిహారం అడిగే వీలే లేదు. ఇలాంటివి లెక్కలో కలిసిపోతే, “పరిహారం ఇవ్వని కేసులు” అనే గడి దానంతట అదే ఉబ్బుతుంది. అందుకని ఆమె 2019 జనవరి నుంచి దాఖలైనవే తీసుకుంది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్‌తో వచ్చిన పాత కేసులను నోటీసు తేదీ చూసి విడిగా తీసివేసింది.

తరువాతిది హారం సంగతి. పరిహారం ఇచ్చిన కేసుల సంఖ్యను దేనితో భాగించాలి? నిందితుడు కోర్టుకు వచ్చి, నేరారోపణ విని, నేరం చేయలేదని చెప్పిన తర్వాతే ఈ సెక్షను తెరుచుకుంటుంది. కానీ చెక్కు కేసుల్లో సమన్లు అందక, నిందితుడు రాక, నాన్ బెయిలబుల్ వారెంటు పెండింగులో ఉండి ఏళ్లు గడిచేవి ఎన్నో. దాఖలైన మొత్తం కేసులతో భాగిస్తే ఒక శాతం వస్తుంది, ఆ దశకు చేరిన కేసులతో భాగిస్తే మరో శాతం వస్తుంది. రెండూ నిజమే, చెప్పేది మాత్రం వేర్వేరు. మొదటిది మేనమామ ప్రశ్నకు జవాబు: కేసు వేసినవాడికి పరిహారం వచ్చే అవకాశం ఎంత? రెండోది మేజిస్ట్రేటు విచక్షణను ఎలా వాడుతున్నారన్నదానికి జవాబు. ఒకదానిని లెక్కించి రెండోదాని గురించి రాయడం, నా అనుభవంలో, అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. మరో గడి కూడా కావాలి: ఆ దశకు చేరినా ఎవరూ పిటిషన్ వేయని కేసులు. వాటిని “నిరాకరించిన” కేసుల్లో కలపకూడదు. అడగనిదానిని కోర్టు కాదన్నట్టు అవుతుంది.

రికార్డు ఎక్కడ చూడాలన్నది తేలికగా కనిపించి చిక్కు పెట్టింది. ఈకోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా, కోర్టు, చట్టం ఎంచుకుంటే కేసుల జాబితా వస్తుంది. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ సంఖ్య ఉంటుంది, వాయిదాల తేదీలు ఉంటాయి. ఇంట్లో కూర్చునే పని అయిపోతుందని ఆమె సంతోషపడింది. మొదటి ఇరవై కేసులు తెరిచేసరికి వాయిదా తేదీకి ఎదురుగా కనిపించింది “నిందితుని హాజరు కోసం”, “సాక్ష్యం కోసం” వంటి రెండు మూడు మాటలే. మధ్యంతర పరిహారం ఉత్తర్వు కొన్నింటిలో అప్‌లోడ్ అయింది, కొన్నింటిలో కాలేదు. క్రిమినల్ మిసిలేనియస్ పిటిషన్‌గా విడి నంబరు పడినప్పుడు ప్రధాన కేసు పేజీలో దాని జాడ ఉండకపోవచ్చు. వెబ్‌సైటులో కనిపించలేదు కాబట్టి ఉత్తర్వు లేదని రాసి ఉంటే ఆమె డిసర్టేషన్ అక్కడే కూలిపోయేది. అందుకని వెబ్‌సైటును కేసులు ఎంచుకోవడానికి జాబితాగా మాత్రమే వాడి, ఎంచుకున్న కేసుల కట్టలను జిల్లా న్యాయమూర్తి అనుమతితో కోర్టులోనే చూసింది.

కట్టలో చూడవలసింది డాకెట్ షీటు. ఒక్కో వాయిదాకు ఒక్కో పేరా, ఇన్‌చార్జి అధికారి ఉన్న రోజు ఒక చేతిరాత, రెగ్యులర్ అధికారి ఉన్న రోజు మరో చేతిరాత. మొదటి రోజు సాయంత్రం ఆమె ఫోన్ చేసి, “మేడమ్, ఒక కట్టలో లక్ష రూపాయలు కట్టమని ఉత్తర్వు ఉంది. ఆ తర్వాత పద్నాలుగు వాయిదాలున్నాయి. కట్టారో లేదో ఎక్కడా లేదు” అంది. ఆ ఫోన్‌తో ఆమె పట్టికలో ఒక నిలువు వరుస రెండయింది. ఉత్తర్వు తేదీ ఒకటి, డబ్బు అందిన తేదీ మరొకటి. రెండో దాని కింద “అందింది”, “అందలేదని రికార్డు చెబుతోంది”, “రికార్డు మౌనం” అని మూడు విలువలు పెట్టింది. కోర్టులో జమ చేస్తే రసీదు ఉంటుంది. నేరుగా లాయరు చేతికి ఇచ్చి మెమో వేయకపోతే ఏమీ ఉండదు. మౌనాన్ని ‘లేదు’గా రాసేస్తే ఫలితం నాటకీయంగా ఉంటుంది కానీ నిజం కాదు. ఇలాంటి గడులు తొలి పరిశీలనలోనే తేలాలి. రెండు వందల కట్టలు చూశాక తేలితే మళ్లీ మొదటి నుంచి చూడాలి.

ఎన్ని కట్టలు చూడాలన్నదానికి ఒక లెక్క ఉంది, అది కష్టమైనదేమీ కాదు. అసలు నిష్పత్తి 30 శాతం దగ్గర ఉంటుందనుకుని, యాదృచ్ఛికంగా 50 కేసులు తీసుకుంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పరిధి అటూ ఇటూ దాదాపు 13 పాయింట్లు. అంటే 17 నుంచి 43 దాకా ఏదైనా కావచ్చు. 200 కేసులు తీసుకుంటే అది 6 పాయింట్లకు కాస్త పైన ఉంటుంది. యాభై మందికి పంచిన ప్రశ్నావళి ఎందుకు ఏమీ తేల్చలేదో ఇక్కడే తెలుస్తుంది, అది కూడా ఆ యాభై మంది యాదృచ్ఛికంగా దొరికారనుకుంటే. వాస్తవానికి వారు విద్యార్థికి తెలిసినవారు.

ఇక కాలం లెక్క. సవరణ వచ్చాక కేసులు త్వరగా తేలుతున్నాయని చూపించాలని ఆమెకు ఆశ ఉండేది. 2016లో వేసి తేలిన కేసులకు పట్టిన సగటు కాలాన్ని, 2023లో వేసి తేలిన కేసుల సగటుతో పోల్చింది. రెండోది చాలా తక్కువ వచ్చింది. ఆనందంగా తెచ్చి చూపించింది. ఆమె రికార్డు చూడటం 2024 డిసెంబరులో ముగిసింది. 2023 జనవరిలో వేసిన కేసు అప్పటికి తేలి ఉంటే దానికి పట్టినది మహా అయితే 23 నెలలు. అంతకంటే ఎక్కువ పట్టేవి ఇంకా తేలనే లేదు, అందుకే సగటులో లేవు. 2016 కేసుల్లో మాత్రం ఎనిమిదేళ్లు పట్టినవి కూడా చేరాయి. చట్టం ఏమీ మారకపోయినా ఈ పోలికలో కొత్త కేసులు వేగంగానే కనిపిస్తాయి. దీనికి మందు సరళమైనదే: ప్రతి కేసుకూ దాఖలైన నాటి నుంచి సమానమైన కిటికీ పెట్టాలి. దాఖలైన 24 నెలల్లో ఎన్ని శాతం తేలాయి అని అడగాలి. ఆ 24 నెలలు ఇంకా నిండని కేసులు అసలు తీసుకోకూడదు.

అలా మార్చిన తర్వాత కూడా, తేడా కనిపిస్తే అది 143ఎ వల్లనే అని చెప్పే వీలు ఆమెకు లేదు. 2019లో వేసిన కేసు 24 నెలల కిటికీలో కరోనా కాలం పడింది. 2017 కేసుల కిటికీలో పడలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెక్కు కేసులను వేగంగా నడపడానికి వేరుగా ఆదేశాలు ఇచ్చింది. దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఇవేనని అప్పుడు ఆ కోర్టు నమోదు చేసింది. ఒకే కాలంలో ఇన్ని కారణాలు పనిచేస్తున్నప్పుడు, ఒక జిల్లాలోని కట్టలు చూసి వాటిని విడదీయలేము. నేను ఆమెను అడిగింది ఆ కారణ ప్రశ్నను వదిలేయమని. ఆమెకు బాధ కలిగింది, అర్థమైంది నాకు. విమర్శనాత్మక అధ్యయనం అని శీర్షికలో ఉన్నాక ఏదో ఒక తీర్పు చెప్పాలని అనిపిస్తుంది. కానీ పరిహారం ఎందరికి అందింది, ఎన్నాళ్లకు అందింది అన్న వర్ణన ఇంతవరకు ఆ జిల్లాలో ఎవరూ చేయలేదు. అదే చేయవలసిన పని.

చివరికి పద్ధతి అధ్యాయంలో, మొదట ఉన్న ఒక్క వాక్యం స్థానంలో ఆమె రాసిన రెండు పేరాలను ఆమె అనుమతితో కొద్దిగా కుదించి ఇస్తున్నాను. మొదటిది: “143ఎలోని ‘మే’ విచక్షణను ఇస్తుందా, విధిని మోపుతుందా అన్న ప్రశ్నకు జవాబు కోసం 2018 సెప్టెంబరు 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు సుప్రీంకోర్టు, హైకోర్టులు ఇచ్చిన తీర్పులను సెక్షను సంఖ్యతో వెతికి, ఆ అంశాన్ని నేరుగా తేల్చినవాటినే పరిశీలించాను. భిన్నాభిప్రాయమున్న చోట రెండు వైపుల తర్కాన్నీ ఇచ్చాను. ఈ భాగం నుంచి కోర్టుల ఆచరణ గురించి ఏ నిర్ణయమూ చేయలేదు.” రెండోది: “మధ్యంతర పరిహారం ఆచరణలో ఎంతమందికి అందుతోందో తెలుసుకోవడానికి, ఒక జిల్లాలోని మేజిస్ట్రేటు కోర్టుల్లో 2019 జనవరి నుంచి 2022 డిసెంబరు వరకు దాఖలైన 138వ సెక్షన్ కేసుల జాబితా నుంచి యాదృచ్ఛికంగా 200 ఎంచుకుని, డాకెట్ షీట్లు చదివాను. 143ఎ వర్తించే కేసులేవో మొదటి భాగంలోని తీర్పుల ప్రకారం నిర్ణయించాను. కక్షిదారుల పేర్లు నమోదు చేయలేదు. ఫలితాలు ఈ జిల్లాకు పరిమితం. కేసులు వేగంగా తేలడానికి ఈ సెక్షనే కారణమా అన్న ప్రశ్నకు ఈ పద్ధతి జవాబు ఇవ్వలేదు.”

రెండో పేరాలో “మొదటి భాగంలోని తీర్పుల ప్రకారం” అన్న మాట ఉంది చూడండి. రెండు పద్ధతులనూ అనుసరించామని రాసినప్పుడు చెప్పవలసింది ఆ ముడి ఎక్కడ పడిందో. వైవాలో బయటి పరీక్షకుడు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న కూడా దాని మీదే: 2018 నవంబరులో వేసిన కేసులు ఎందుకు వదిలేశారు? ఆమె లేచి బోర్డు మీద నోటీసు తేదీ, పదిహేను రోజులు, నెల అని గీత గీసి, మధ్యలో సెప్టెంబరు 1 గుర్తు పెట్టింది. నవంబరులో దాఖలైనవాటిలో చాలావరకు వర్తిస్తాయి, కానీ ఏవి వర్తించవో ప్రతి కట్టలోనూ నోటీసు రసీదు చూడకుండా చెప్పలేమని, ఆ రసీదు దొరకని కట్టలు తొలి పరిశీలనలోనే ఎదురయ్యాయని, అందుకే ఆ నెలలు వదులుకున్నానని చెప్పింది. ఆయన తలూపి, తర్వాతి పేజీ తిప్పారు.